నిన్న చెప్తే వచ్చెటోణ్ణి

పటేల్‌గూడలో సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం నేను మొదట తయారు చేసిన ‘ఇఫ్’ వాక్యాల కాగితంలో ఇంగ్లీషు తప్పు ఒక్కటీ లేదు. ఒకే పేజీ, మూడు గడులు: ఫస్ట్ కండిషనల్, సెకండ్ కండిషనల్, థర్డ్ కండిషనల్. ప్రతి గడిలో ఒక సూత్రం, ఒక ఉదాహరణ, పక్కన తెలుగు అర్థం. పరీక్ష ముందు రాత్రో, ఇంటర్వ్యూకి పోయే బస్సులోనో ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకునేలా ఉండాలనుకున్నాను. ఆ కాగితం చదివినవాళ్ళు ఖాళీలు పూరించమంటే చక్కగా పూరించేవారు. సొంతంగా రాయమంటే మాత్రం తప్పు చేసేవారు, అదీ అందరూ ఒకేచోట. సాధన చాలక అలా జరుగుతోందని చాలాకాలం వాళ్ళకే చెబుతూ వచ్చాను. తప్పు నా కాగితంలోనే ఉంది. అందులోనూ నేను ఎన్నడూ అనుమానించని తెలుగు గడిలో ఉంది.

ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోయేవాళ్ళు. పదో తరగతిలోనో డిగ్రీలోనో ఇఫ్ క్లాజులు చదివినవాళ్ళే. వాళ్ళకిప్పుడు మార్కులతో పని లేదు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కులో నాలుగు ముక్కలు రాయాలి, ఏదైనా జరిగితే రిపోర్టు రాయాలి, ఆడిటర్ వస్తే నిలబడి జవాబు చెప్పాలి. నా కాగితం ఎక్కడ దెబ్బతిన్నదో అలాంటి ఒక రిపోర్టే చూపించింది.

నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు మందుల కంపెనీలో షిఫ్టు కెమిస్టు. ఒక రాత్రి వాళ్ళ బ్లాకులో సాల్వెంటును ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి ఎక్కిస్తున్నారు. గుర్తు దాకా రాగానే మూయాల్సిన వాల్వు మూయలేదు, ట్యాంకు పొంగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ డీవియేషన్ రిపోర్టు రాయక తప్పదు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇక ముందు జరగకుండా ఏం చేస్తారు అన్నవి అందులో ఉండాలి. ‘ఎందుకు జరిగింది’ అన్నచోట ఇతను ఇలా రాశాడు: “ఇఫ్ ది ఆపరేటర్ క్లోజ్డ్ ద వాల్వ్ ఎట్ ద మార్క్, ద ట్యాంక్ వుడ్ నాట్ ఓవర్‌ఫ్లో.” క్యూఏ వాళ్ళు ఆ వాక్యం పక్కన ఒక ప్రశ్న రాసి రిపోర్టు వెనక్కి పంపారు. ఇంతకీ ఆపరేటర్ వాల్వు మూశాడా, లేదా?

“మేడం, రాత్రి అయిపోయిన పని గదా, అందుకే పాస్ట్ పెట్టిన. వుడ్ గూడా పెట్టిన. ఇంకేం తక్కువైంది?” అని అడిగాడు.

“తెలుగులో ఏమనుకుని రాశావు?” అన్నాను.

“ఆపరేటర్ వాల్వు బందు చేస్తే ట్యాంకు పొంగకపోవు గదా, అనుకున్న.”

ఆ మాట విని నా కాగితం బయటికి తీశాను. సెకండ్ కండిషనల్ గడిలో నేను రాసిన తెలుగు: ‘నా దగ్గర డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి.’ థర్డ్ కండిషనల్ గడిలో రాసింది: ‘నువ్వు చెప్పి ఉంటే నేను వచ్చి ఉండేవాణ్ణి.’ రెండో వాక్యం వ్యాకరణానికి నిలుస్తుంది, పుస్తకాల్లో కనబడుతుంది. కానీ షిఫ్టు దిగి వచ్చిన మనిషి అలా మాట్లాడడు. ‘నిన్న చెప్తే వచ్చెటోణ్ణి గదా’ అంటాడు, లేదా ‘నిన్న చెప్తే వస్తుంటి’ అంటాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళు ‘నిన్న చెప్తే వచ్చేవాణ్ణి కదా’ అంటారు. ‘చెప్పి ఉంటే’, ‘వచ్చి ఉండేవాణ్ణి’ మామూలు మాటల్లో అరుదు. ఆ కుర్రాడు తన మనసులోని తెలుగు వాక్యాన్ని నా కాగితంతో పోల్చుకున్నాడు. ‘బందు చేస్తే... పొంగకపోవు’ అన్నది ‘డబ్బుంటే... కొనేవాణ్ణి’ పక్కనే సరిపోయింది. నేను చెప్పినట్టే సెకండ్ కండిషనల్ సూత్రం తీసి వాడాడు. కాగితాన్ని నమ్మినందుకే అతని వాక్యం తప్పింది.

మన మాటల్లో ‘ఇప్పుడు డబ్బుంటే కొనేవాణ్ణి’, ‘నిన్న చెప్తే వచ్చేవాణ్ణి’ రెండూ ఒకే అచ్చులో పోసిన వాక్యాలు. మొదటిది ఇవాళ్టి సంగతి, రెండోది అయిపోయిన సంగతి. ఆ తేడాను ‘ఇప్పుడు’, ‘నిన్న’ అన్న మాటలు చెబుతాయి, అవీ లేకపోతే సందర్భం చెబుతుంది. క్రియ మారదు. ఇంగ్లీషులో క్రియ మారాల్సిందే. ఇవాళ్టిదైతే “ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్”. నిన్నటిదైతే “ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హావ్ కమ్”. నిన్నటి సంగతిని సెకండ్ కండిషనల్‌లో పెడితే అది ఇప్పటి ఊహో, ఒక సలహానో అయిపోతుంది. అందుకే క్యూఏ వాళ్ళకు అర్థం కాలేదు. ‘ఆపరేటర్ మూస్తే పొంగదు’ అని ఇతను ఒక సాధారణ సంగతి చెబుతున్నట్టు వాళ్ళు చదివారు. ఆ రాత్రి వాల్వు తెరిచే ఉందన్న నిజం ఆ వాక్యంలో లేదు.

“ఇఫ్ ది ఆపరేటర్ హ్యాడ్ క్లోజ్డ్ ద వాల్వ్, ద ట్యాంక్ వుడ్ నాట్ హావ్ ఓవర్‌ఫ్లోడ్” అని రాస్తే ఒకే వాక్యంలో రెండు నిజాలు వస్తాయి: అతను మూయలేదు, ట్యాంకు పొంగింది. థర్డ్ కండిషనల్ ఎప్పుడూ తలకిందుల వాక్యం. ‘హ్యాడ్’ ఉంటే ఆ పని జరగలేదని, ‘హ్యాడ్ నాట్’ ఉంటే జరిగిందని అర్థం. “ఇఫ్ హి హ్యాడ్ నాట్ వోర్న్ ద హెల్మెట్, హి వుడ్ హావ్ బీన్ హర్ట్” అన్న వాక్యంలో మనిషి హెల్మెట్ పెట్టుకున్నాడు, దెబ్బ తగల్లేదు. రాసిన వాక్యం సరైందో కాదో తేల్చుకోవడానికి ఇదే దారి. ‘అయితే నిజంగా ఏం జరిగింది?’ అని అడగాలి. వాక్యానికి ఎదురు జవాబు రావాలి, అది ఆ రోజు జరిగినదానితో సరిపోవాలి.

కాగితాన్ని మళ్ళీ రాయడానికి కూర్చున్నప్పుడు తెలుగు గడితోనే మొదలుపెట్టాను. అందులో పుస్తకాల తెలుగును కొట్టేసి, మాట్లాడే తెలుగు రాశాను. ఆ పనిలో నాకు బాగా ఉపయోగపడ్డ సంగతి బడిలో మనమంతా చదువుకున్నదే. ‘వస్తే’, ‘చెప్తే’, ‘పడితే’ చేదర్థకాలు, అంటే అసమాపక క్రియలు. వాటికి కాలం లేదు, మనిషి గుర్తు లేదు. నేను చెప్తే, నువ్వు చెప్తే, నిన్న చెప్తే, రేపు చెప్తే అన్నిటికీ ఒకటే రూపం. కాలమూ నిజమూ వాక్యం తోకలో, సమాపక క్రియలో ఉంటాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. మాట్లాడే భాషను వ్యాకరణం ఇంత శ్రద్ధగా చూడగలదని ఆ పుస్తకం చూశాకే నాకు అర్థమైంది. అంతవరకు నేను తెలుగు వాక్యాన్ని ‘ఇఫ్’ ఉన్న చివరి నుంచే చూసేదాన్ని. ‘చెప్పి ఉంటే’ లాంటిది కనబడితే థర్డ్ అని చెప్పేసేదాన్ని. చూడాల్సింది ఇటు చివర.

తోక ‘-తా’, ‘-తాను’, ‘-తుంది’ అని ముగిస్తే అది జరగగల సంగతి, ఫస్ట్ కండిషనల్. తోక ‘-ఏవాణ్ణి’, ‘-ఏదాన్ని’, ‘-ఏది’ అని గాని, ఇక్కడి మాటల్లో ‘-ఎటోణ్ణి’, ‘-తుంటి’, ‘-తుండె’ అని గాని ముగిస్తే అది ఊహ. ఊహ అయితే ఇంకొక్క ప్రశ్న అడగాలి. ఇప్పటి సంగతా, అయిపోయిందా? ఇప్పటిదైతే సెకండ్, అయిపోయినదైతే థర్డ్. కొత్త కాగితంలో సూత్రాలు ఈ ప్రశ్న కిందికి వచ్చాయి, పైన లేవు.

```
1   If + V1,       will + V1
2   If + V2,       would + V1
3   If + had V3,   would have V3
```

‘-ఏవాడు’ అన్న తోకకు ‘వుడ్’ను జత చేసి చెప్పడం వల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. ‘మా నాయన రోజూ పొద్దున్నే పొలానికి పోయెటోడు’ అన్న పాత అలవాటును ఇంగ్లీషులో “మై ఫాదర్ వుడ్ గో టు ద ఫీల్డ్ ఎవ్రీ మార్నింగ్” అనవచ్చు. తెలుగులో ఒకే రూపం పాత అలవాటుకూ, జరగని ఊహకూ పనికొస్తోంది. ఇంగ్లీషులో వుడ్ కూడా అంతే. ‘వుడ్ అంటే విల్‌కు పాస్ట్’ అని నేను అంతకుముందు చెప్పేదాన్ని. అది విన్నవాళ్ళు నిన్నటి సంగతి అనగానే వుడ్ పెట్టేసి ఊరుకునేవారు. ‘పోయెటోడు’ అంటే వుడ్ అని చెప్పాక ఆ తప్పు చాలా తగ్గింది.

రెండో మార్పు ఉదాహరణల్లో. పాత కాగితంలో ఫస్ట్‌కు వాన పడితే మ్యాచ్ ఆగిపోవడం, సెకండ్‌కు పక్షినైతే ఎగిరిపోవడం, థర్డ్‌కు చదివి ఉంటే పాసవడం ఉన్నాయి. మూడింటికీ మూడు వేరు వేరు సంగతులు. చదివినవాళ్ళకు వాన అంటే ఫస్ట్, పక్షి అంటే సెకండ్ అని సంగతిని బట్టే గుర్తు పడిపోయింది. నిజానికి ఏ సంగతినైనా మూడింటిలోనూ చెప్పవచ్చు. తేడా సంగతిలో లేదు, చెప్పే మనిషి దాన్ని ఎలా చూస్తున్నాడన్నదానిలో ఉంది. రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్’ కూడా 1985లోనే వచ్చింది. అందులో ఈ పాఠాలకు పెట్టిన పేర్లు ఫస్ట్, సెకండ్ అనే అంకెలు కావు. ‘ఇఫ్ ఐ డూ’, ‘ఇఫ్ ఐ డిడ్’ అని ఒకే క్రియను పక్కపక్కన పెట్టాడు. నేనూ ఒకే సంగతిని తీసుకున్నాను. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతి, పొద్దున కంపెనీ బస్సు.

రాత్రి పడుకోబోతూ ‘ఐదింటికి లేస్తే బస్సు దొరుకుతది’ అనుకుంటే అది అయ్యే పనే. “ఇఫ్ ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్, ఐ విల్ క్యాచ్ ద బస్.” పొద్దున ఏడింటికి కళ్ళు తెరిచి గడియారం చూసి ‘అయ్యో, ఐదింటికి లేస్తే బస్సు దొరుకుతుండె’ అనుకుంటే అది అయిపోయింది. “ఇఫ్ ఐ హ్యాడ్ గాట్ అప్ ఎట్ ఫైవ్, ఐ వుడ్ హావ్ కాట్ ద బస్.” ఎన్నడూ ఐదింటికి లేవని మనిషి, లేచే ఆలోచన కూడా లేకుండా, ఊరికే అనుకుంటే అది మధ్యది. “ఇఫ్ ఐ గాట్ అప్ ఎట్ ఫైవ్, ఐ వుడ్ క్యాచ్ ద బస్.” ఇక్కడ ‘గాట్’ నిన్నటి మాట కాదు. రేపటి గురించి అన్నా సరే, ‘గాట్’ అంటే నేను లేవననే అర్థం. ఇంగ్లీషు ఇక్కడ కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరిపి, ఇది నిజం కాదు అని చెబుతుంది. ఇప్పటి సంగతిని పాస్ట్‌లోకి నెడుతుంది, పాస్ట్‌ను పాస్ట్ పర్ఫెక్ట్‌లోకి నెడుతుంది. ఈ ఒక్కటి పట్టుబడితే సూత్రాలు గుర్తు పెట్టుకోవాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

రేపటి సంగతుల దగ్గర నా తోక లెక్క పనిచేయదు. ఆ మాట కాగితంలోనే రాశాను, దాచలేదు. ‘సెలవిస్తే జహీరాబాద్ పోతా’ అని సూపర్‌వైజర్ ఇస్తాడని నమ్మినవాడూ అంటాడు, ఇవ్వడని తెలిసినవాడూ అంటాడు. తెలుగులో తోక రెండు చోట్లా ‘పోతా’నే, తేడా గొంతులో తెలుస్తుంది. ఇంగ్లీషులో నమ్మకం ఉన్నవాడు “ఇఫ్ దే గివ్ మి లీవ్, ఐ విల్ గో” అంటాడు, లేనివాడు “ఇఫ్ దే గేవ్ మి లీవ్, ఐ వుడ్ గో” అంటాడు. రెండూ సరైనవే. ఏది ఎంచుకున్నా వినేవాడికి మన ఆశ ఎంతో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో ఇది బాగా పనికొస్తుంది. “వాట్ వుడ్ యు డూ ఇఫ్ యువర్ ఆపరేటర్ రెఫ్యూజ్డ్ టు వేర్ గాగుల్స్?” అని అడిగితే, అడిగేవాడు ఊహ అడుగుతున్నాడు. ‘రెఫ్యూజ్డ్’ అన్నది విని, ఏ ఆపరేటర్, ఎప్పుడు వద్దన్నాడు అని కంగారుపడినవాళ్ళు ఉన్నారు. జవాబు కూడా వుడ్‌తోనే మొదలవ్వాలి: “ఐ వుడ్ స్టాప్ ద వర్క్ అండ్ టాక్ టు హిమ్.”

ఇక ‘ఇఫ్’ పక్కన విల్, వుడ్ పెట్టడం. “ఇఫ్ ఇట్ విల్ రెయిన్”, “ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ” అన్న తప్పులు మనవాళ్ళు ఎందుకు చేస్తారో చేదర్థకాన్ని చూస్తే తెలుస్తుంది. ‘పడితే’లో కాలం లేదు. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అక్కడ ఏదో ఒక కాలం పెట్టక తప్పదు. రేపటి వాన గదా అని విల్ పెడతారు. వుడ్ పెట్టేవాళ్ళకు రెండు ముక్కలూ జోడీగా కనబడాలన్న కోరిక. విల్, వుడ్ ఎప్పుడూ రెండో ముక్కవే. ఇఫ్ ముక్కలో రేపటి సంగతైనా సరే “ఇఫ్ ఇట్ రెయిన్స్” అనే అనాలి, ఇట్, హి, షి అయితే చివర ‘స్’ మరవకూడదు. దీనికి మినహాయింపులు లేకపోలేదు. “ఇఫ్ యు విల్ వెయిట్ హియర్” అని మర్యాదగా అడగడంలో విల్ వస్తుంది, అక్కడ దాని అర్థం ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అని. ఒక పేజీ కాగితంలో దానికి చోటు ఇవ్వలేదు. ముందు తప్పు పోవాలి, తరువాత మినహాయింపు.

కొందరు ‘ఇఫ్’కు బదులు ‘వెన్’ రావాల్సిన చోట తడబడేవారు. ‘నీళ్ళొస్తే డ్రమ్ము నింపుతా’లో నీళ్ళు వస్తాయో రావో తెలియదు, కనుక ఇఫ్. ‘తెల్లారితే పోతా’లో తెల్లారకుండా ఉండదు, కనుక వెన్. తెలుగు ‘-తే’ రెండింటినీ మోస్తుంది. ఇది కాగితంలో ఒక్క పంక్తి మాత్రమే.

రిపోర్టుకు మళ్ళీ వస్తాను, ఎందుకంటే అది కొత్త కాగితానికి రెండో సగం అయింది. ఆ కుర్రాడితో కూర్చుని తిరిగి రాస్తున్నప్పుడు మూడు కండిషనళ్ళకూ అందులో ఒక్కో చోటు ఉందని తెలిసింది. ఎందుకు జరిగిందన్న చోట థర్డ్. ఇక ముందు ఏం చేయాలన్న చోట ఫస్ట్. అతను మొదట “ఇఫ్ ద లెవెల్ విల్ రీచ్ ద మార్క్” అని రాశాడు. దాన్ని “ఇఫ్ ద లెవెల్ రీచెస్ ద మార్క్, క్లోజ్ ద వాల్వ్” అని మార్చాం. ఇక్కడ విల్ లేకుండా నేరుగా ఆజ్ఞ వచ్చింది. ఫస్ట్ కండిషనల్ రెండో ముక్కలో విల్ ఒక్కటే రావాలని లేదు, క్యాన్, మస్ట్, మే, ఆజ్ఞ అన్నీ వస్తాయి. కంపెనీల్లో గోడకు అంటించే సూచనల్లో ఎక్కువగా కనబడేది ఆజ్ఞే. ఇప్పుడు మన దగ్గర ఏది లేదో చెప్పే చోట సెకండ్. ఆ ట్యాంకుకు నిండేటప్పుడు మోగే అలారం లేదు. “ఇఫ్ ద ట్యాంక్ హ్యాడ్ యాన్ అలారం, ది ఆపరేటర్ వుడ్ నాట్ హావ్ టు స్టాండ్ దేర్.” అలారం లేదు కాబట్టే మనిషి నిలబడి చూడాల్సి వస్తోందని ఆ వాక్యం చెబుతుంది.

అప్పుడు ఆ కుర్రాడు అన్న మాట నేను కాగితంలో పెట్టలేదు గానీ, ప్రతి కొత్త జట్టుకూ చెబుతాను. “మేడం, అలారం ఉంటే ఆపరేటర్ మరిచినా పొంగకపోవు గదా. అది రాయొచ్చా?” అన్నాడు. రాయవచ్చు: “ఇఫ్ ద ట్యాంక్ హ్యాడ్ హ్యాడ్ యాన్ అలారం, ఇట్ వుడ్ నాట్ హావ్ ఓవర్‌ఫ్లోడ్.” హ్యాడ్ రెండుసార్లు రావడం చూసి తప్పేమోనని కొట్టేస్తారు. మొదటిది సూత్రంలోని హ్యాడ్, రెండోది ‘హావ్’కు వి3. రెండూ ఉండాలి. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే, ఇఫ్ పక్కన ఏది పెడితే కారణం అదేనని చదివేవాడు అనుకుంటాడు. ‘ఆపరేటర్ మూసి ఉంటే’ అని రాస్తే నింద మనిషి మీద పడుతుంది. ‘అలారం ఉండి ఉంటే’ అని రాస్తే లోపం ట్యాంకుది అవుతుంది. రెండు వాక్యాలూ వ్యాకరణంగా సరైనవే, రెండూ నిజమే. రాత్రంతా మేలుకుని పనిచేసిన మనిషి గురించి రాసేటప్పుడు రెండూ రాయాలని నా అభిప్రాయం. అతను రెండూ రాశాడు.

చెవికి వచ్చే చిక్కు ఒకటుంది. మాట్లాడేటప్పుడు ఐ హ్యాడ్, ఐ వుడ్ రెండూ ‘ఐడ్’ అయిపోతాయి. “ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హావ్ కమ్” అని ఫోన్లో వింటే రెండూ ఒకటే అనిపిస్తుంది. ఇఫ్ ముక్కలోది హ్యాడ్, రెండో ముక్కలోది వుడ్. పక్కన హావ్ వినబడితే అది వుడ్ అని తేలిపోతుంది.

కాగితం వెనక వైపు రెండే వాక్యాలు రాశాను. ముందు వైపు పూర్తిగా వచ్చాకే తిప్పి చూడమంటాను. మొదటిది నా పాత తెలుగు గడి చేసిన ఇంకో నష్టాన్ని సరిచేయడానికి. ‘అతను నిన్న డ్యూటీకి వచ్చి ఉంటే రిజిస్టర్లో సంతకం ఉంటుంది.’ ‘వచ్చి ఉంటే’ అన్న రూపం చూసి అందరూ థర్డ్ అంటారు, నేనే అలా నేర్పాను కాబట్టి. తోక చూడండి: ‘ఉంటుంది.’ ఊహ కాదు. అతను వచ్చాడో లేదో మనకు తెలియదు, తెలుసుకోబోతున్నాం. “ఇఫ్ హి కేమ్ ఎస్టర్‌డే, హిజ్ సిగ్నేచర్ విల్ బి ఇన్ ద రిజిస్టర్.” ఇఫ్ ముక్కలో పాస్ట్ ఉంది, రెండో ముక్కలో విల్ ఉంది, మూడు సూత్రాల్లో దేనికీ ఇది లొంగదు. ‘కేమ్’ ఇక్కడ అచ్చంగా నిన్నటి మాట. “ఇఫ్ హి హ్యాడ్ కమ్” అని రాశారా, అతను రాలేదని మీరే తేల్చేసినట్టు. హాజరు గురించిన విచారణలో ఆ ఒక్క ‘హ్యాడ్’ ఒక మనిషిని గైరుహాజరు చేసేస్తుంది.

రెండో వాక్యం, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు వేరు వేరుగా అడిగింది. ‘అప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటే ఇప్పుడు వ్యాన్ నడిపెటోణ్ణి.’ తోక ఊహది. అయిపోయిందా, ఇప్పటిదా అని అడిగితే జవాబు రెండూ. నేర్చుకోకపోవడం అప్పటిది, నడపకపోవడం ఇప్పటిది. ఇఫ్ ముక్కను థర్డ్ నుంచి, రెండో ముక్కను సెకండ్ నుంచి తీసుకోవాలి: “ఇఫ్ ఐ హ్యాడ్ లర్న్‌డ్ టు డ్రైవ్ దెన్, ఐ వుడ్ బి డ్రైవింగ్ ఎ వ్యాన్ నౌ.” దీన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు. సూత్రంగా రాసివ్వమని అడుగుతారు, నేను రాయను. ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అన్న రెండు మాటల కింద పెన్సిల్‌తో గీత గీయించి, ఒక్కో ముక్కను విడిగా ఇంగ్లీషులోకి తెమ్మంటాను.